తడి కట్టెకు డబ్బు పోసే ముందు: కట్టెలు, బ్రికెట్లు, పెల్లెట్లలో దేన్ని ఎంచుకోవాలి?

మాది చీరాల వైపు. నూట యాభై మంది పిల్లలకు మూడు పూటలా వండే హాస్టల్ మెస్ నడుపుతున్నాను. మా సముద్రం ఒడ్డున ఇసుక నేలల్లో సరుగుడు తోటలు ఎక్కువ కాబట్టి పొయ్యిలోకి మొదటి నుంచీ సరుగుడు కట్టెలే. ఒక అక్టోబరులో వానలు మొదలయ్యాక అడితి నుంచి ఒక టన్ను కట్టెలు దింపించాను. మర్నాడు తెల్లవారుజామున పొయ్యి రాజేస్తే కట్టె కోసిన చివర నుంచి గోధుమరంగు నురగ బుసబుసా పొంగుతోంది, నిప్పు మాత్రం అంటుకోవడం లేదు. వంట చేసే అక్క ఊదుగొట్టం పక్కన పెట్టేసి, కళ్లు తుడుచుకుంటూ అంది: "ఇందులో నీళ్లు ఉడుకుతున్నాయి తమ్ముడూ, నా అన్నం ఉడకట్లా."

ఆ మాట మనసులో పడిపోయింది. ఆ రోజు నుంచి కట్టెను చూసే తీరు మార్చుకున్నాను. వేరుశనగ పొట్టును కడ్డీలుగా అచ్చు కొట్టిన బ్రికెట్లు, సన్నటి గుళికల్లా ఉండే పెల్లెట్లు కూడా తెప్పించి వాడి చూశాను. హోటల్, హాస్టల్, క్యాటరింగ్ వంటశాల నడిపేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఇంటి పొయ్యికీ ఇవే లెక్కలు, పరిమాణం ఒక్కటే తేడా.

కట్టెలో ఎంత నీళ్లున్నాయో ముందు తెలుసుకోండి

పచ్చిగా కొట్టిన కట్టెలో బరువులో దాదాపు సగం నీళ్లే ఉంటాయి. చీల్చి, గాలి తగిలేలా పేర్చి ఎండబెడితే అది 15 నుంచి 20 శాతానికి దిగుతుంది. చూపుకి, చేతికి ఈ తేడా సరిగ్గా తెలియదు. బెరడు ఎండిపోయి పైకి పొడిగా కనిపించే దుంగ లోపల ఇంకా పచ్చిగానే ఉండొచ్చు.

నేను చేసిన పరీక్ష చాలా సులువు. నాలుగైదు దుంగల్ని మధ్యకు చీల్చి, లోపలి భాగం నుంచి చిన్న చిన్న పేళ్లు తీసి, వంటింటి కాటా మీద సరిగ్గా 500 గ్రాములు తూచాను. వంట అయిపోయాక పొయ్యి వేడి మిగిలి ఉంటుంది కదా, ఆ గట్టు మీద ఒక రేకులో వాటిని పరిచాను. మంటకు తగలకుండా, మాడకుండా చూసుకోవాలి. రోజూ తూస్తూ పోతే బరువు తగ్గుతూ వచ్చి ఒక దగ్గర ఆగింది. ఆగినప్పుడు 310 గ్రాములు. అంటే 500లో 190 గ్రాములు నీళ్లు, 38 శాతం. నేను కొన్న టన్నులో 380 కిలోలు నీళ్లకే డబ్బు కట్టానన్నమాట.

బజారులో రెండు సూదులున్న మాయిశ్చర్ మీటర్ దొరుకుతుంది. అదీ మంచిదే, కానీ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. అది సాధారణంగా నీళ్ల బరువును ఎండు కట్టె బరువుతో పోల్చి చెబుతుంది, మొత్తం బరువుతో కాదు. కాబట్టి మీటరు 25 చూపిస్తే మన లెక్కలో అది 20 శాతమే. రెండోది, అప్పటికప్పుడు చీల్చిన లోపలి ముఖం మీదే సూదులు గుచ్చాలి. బాగా పచ్చి కట్టె మీద దాని అంకెను నమ్మకండి, అక్కడ తూకమే నమ్మకం.

నీళ్లు చేసే అసలు నష్టం వేరే

నీళ్లను ఆవిరి చేయడానికే వేడంతా పోతుందని అందరూ అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం వేసింది.

పూర్తిగా ఎండిన కట్టె ఏదైనా కిలోకు సుమారు 4,400 కిలోక్యాలరీల వేడి ఇస్తుంది. సరుగుడైనా, తుమ్మైనా, మామిడైనా కిలోకు పెద్ద తేడా ఉండదు. 38 శాతం తడి ఉన్న కట్టె కిలోకు 2,500 దాకా ఇస్తుంది. దాన్నే 15 శాతానికి ఎండబెడితే కిలోకు 3,650 ఇస్తుంది. చాలా తేడా అనిపిస్తుంది కదా? కానీ ఎండబెడితే ఆ టన్ను కూడా 730 కిలోలకు తగ్గిపోతుంది. మొత్తం మీద చూస్తే తడి టన్నులో 25 లక్షల కిలోక్యాలరీలు, ఎండిన 730 కిలోల్లో 26.6 లక్షలు. ఆవిరికి పోయేది ఆరు శాతం దగ్గరే.

మరి తడి కట్టెతో వండితే కట్టెలు అంత ఎక్కువ ఎందుకు ఖర్చవుతాయి? జవాబు పొగలో ఉంది. కట్టె వేడెక్కినప్పుడు ముందు నీరు పోతుంది, ఆ తర్వాత 200 డిగ్రీలు దాటాక కట్టె విడిపోయి మండే వాయువులు బయటికొస్తాయి. ఎండు కట్టె బరువులో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇలా వాయువుగానే వెళ్తుంది, మిగిలేది బొగ్గు. మనకు కనిపించే మంట అంటే ఆ వాయువులు మండటమే. అవి పూర్తిగా మండాలంటే పొయ్యి లోపల ఆరేడు వందల డిగ్రీల వేడి, సరిపడా గాలి, కాస్త చోటు ఉండాలి. తడి కట్టె నుంచి వచ్చే ఆవిరి ఆ వేడిని దించేస్తుంది. వాయువులు మండకుండానే చల్లబడి, తారు తుంపరలై తెల్లటి పొగగా పోతాయి. కంటిని మండించేదీ, గిన్నె అడుగున జిగురుగా అంటేదీ, పొగగొట్టంలో నల్లగా పేరుకునేదీ అదే. డబ్బు పెట్టి కొన్న వేడి అలా బయటికి పోతుంది.

అందుకే పొగ రంగు చూసి పొయ్యి జబ్బేమిటో తెలుసుకోవచ్చు. తెల్లగా, చిక్కగా, ఘాటుగా ఉంటే తడి ఎక్కువ, లేదా పొయ్యి ఇంకా వేడెక్కలేదు. నల్లగా ఉంటే వేడి ఉంది కానీ గాలి చాలడం లేదు, ఒకేసారి ఎక్కువ కుక్కారు. ఈ రెంటికీ మందు వేరు. తెల్ల పొగకు ఎండు పుల్లలు కావాలి, నల్ల పొగకు రెండు కట్టెలు వెనక్కి లాగాలి.

మరీ పొడిగా ఉండి సన్నగా చీల్చిన పుల్లలు కూడా ఒకేసారి గుప్పున అంటుకుని నల్లటి మసి ఇస్తాయి. అందుకే నేను 15 శాతం దగ్గరే ఆపుతాను, అంతకంటే దించడానికి తాపత్రయపడను.

సాంద్రత మంట నడకను నిర్ణయిస్తుంది

కిలోకు వేడి ఒకటే అయినప్పుడు మునగ కట్టె ఎందుకు గబగబా అయిపోతుంది, తుమ్మ ఎందుకు నిలిచి మండుతుంది? సాంద్రత వల్ల. తేలిక కట్టెలో వేడి తొందరగా లోపలికి చొరబడి వాయువులన్నీ ఒక్కసారి వదిలిస్తుంది. బరువైన కట్టె పొరలు పొరలుగా, నెమ్మదిగా వదులుతుంది. మనం ఇవ్వగలిగిన గాలికి సరిపోయేంత వేగంతో వాయువు వస్తేనే శుభ్రమైన మంట.

బ్రికెట్లూ పెల్లెట్లూ చేసే మేలంతా ఇక్కడే. రంపపు పొట్టు, వేరుశనగ పొట్టు, పత్తి కట్టె లాంటివి విడిగా ఊరికే గుప్పుమని మండిపోతాయి. వాటిని ఎండబెట్టి గట్టి ఒత్తిడితో అచ్చు కొడితే, ఆ వేడికి వాటిలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడి జిగురులా పట్టేస్తుంది. వేరే జిగురు అక్కర్లేదు. తడి పది పన్నెండు శాతం దాటితే అచ్చు సరిగా నిలవదు, లోపలి ఆవిరికి పగిలిపోతుంది. అంటే సరిగా తయారైన బ్రికెట్ దానంతట అదే పొడి సరుకు. కట్టెలో ఈ భరోసా ఉండదు, అందుకే అంత ధర.

మన దగ్గర వైట్ కోల్ పేరుతో అమ్మే బ్రికెట్ ఎక్కువగా 90 మిల్లీమీటర్ల మందం ఉన్న గుండ్రటి కడ్డీ. ముప్పై సెంటీమీటర్ల ముక్క రెండు కిలోలు తూగుతుంది. దాన్ని అలాగే పొయ్యిలో పెడితే అంత తొందరగా అంటుకోదు. మొదటిసారి మేము చేసిన తప్పు ఇదే. కిరసనాయిలు పోసినా పైపైన మాడి ఆరిపోయింది. అచ్చు యంత్రంలోని పిస్టన్ ఒక్కో దెబ్బకు ఒక్కో బిళ్లను అతికిస్తూ పోతుంది కాబట్టి ఆ కడ్డీని గట్టున కొడితే బిళ్లలు బిళ్లలుగా విడిపోతుంది. రెండు మూడు అంగుళాల ముక్కలు చేయాలి. ముందు ఎండు సరుగుడు పుల్లలతో నిప్పులు పడేదాకా మండించి, ఆ నిప్పుల మీద నాలుగైదు ముక్కలు పెట్టాలి. పది నిమిషాలకు మళ్లీ మూడు. ఒకేసారి బుట్ట కుమ్మరిస్తే వాయువు ఒక్కసారిగా లేచి నల్ల పొగ కమ్ముతుంది. అడుగున ఇనుప కడ్డీల జాలీ లేని గాడిపొయ్యిలో బ్రికెట్ బూడిదలో కూరుకుపోయి గాలి ఆడక కుములుతుంది. జాలీ పెట్టించాకే మాకు దాని విలువ తెలిసింది.

పెల్లెట్ సంగతి ఇంకా వేరు. చిటికెన వేలికంటే సన్నగా, ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల మందంలో ఉంటుంది. ఇవి కుప్పగా పడితే మధ్యలో సందులు చాలా చిన్నవి, మామూలు గాలి దూరదు. అందుకే మామూలు పొయ్యిలో పెల్లెట్లు పోయడం వృథా, పొగబెట్టుకోవడమే. వీటికి ఫ్యాన్ ఉన్న పొయ్యి కావాలి. నిలువు గొట్టంలో పెల్లెట్లు నింపి పైనుంచి అంటిస్తారు. నిప్పు పొర పైనుంచి కిందికి దిగుతూ వాయువును వదులుతుంది, పై అంచున వరుసగా ఉన్న రంధ్రాల నుంచి వచ్చే రెండో గాలితో ఆ వాయువు అక్కడే మండిపోతుంది. సరిగా నడిస్తే పొగ కంటికి కనిపించదు, మంట గ్యాస్ పొయ్యిలా నిలకడగా ఉంటుంది. పెల్లెట్లన్నీ ఒకే సైజులో, ఒకే పొడితనంతో ఉండటం వల్లే ఇది సాధ్యం.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. చివరికి వాయువంతా అయిపోయి ఎర్రటి బొగ్గు మిగులుతుంది. అప్పుడు పొగ ఉండదు, కానీ కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి వాసన లేదు. పొగ లేదు కదా అని తలుపులు మూసిన గదిలో ఆ పొయ్యి ఉంచడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ధర పోల్చే పద్ధతి

కిలో ధరలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎప్పుడూ మోసపోతాం. గిన్నెలోకి చేరిన వేడికి ఎంత పడిందో చూడాలి. ధరలు ఊరికో రకం, నెలకో రకం కాబట్టి లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం: తడి కట్టె కిలో 5 రూపాయలు, బ్రికెట్ 8, పెల్లెట్ 12. మీ ఊరి ధరలు వీటి చోట పెట్టుకోండి. గిన్నెలోకి చేరే వేడి నేరుగా నేల మీది పొయ్యిలో 12 శాతం, జాలీ, పొగగొట్టం ఉన్న పొయ్యిలో 22 శాతం, ఫ్యాన్ పొయ్యిలో 35 శాతం అని అంచనా వేసుకున్నాను.

వెయ్యి కిలోక్యాలరీలు గిన్నెలోకి చేరితే సుమారు పద్నాలుగు లీటర్ల నీళ్లు మరుగుతాయి. ఆ వేడికి తడి కట్టెతో నేల పొయ్యిలో 16 రూపాయల 70 పైసలు పడుతుంది. పొగగా పోయేది కలిపితే ఇంకా ఎక్కువే. అదే కట్టెను మనమే ఎండబెట్టి జాలీ పొయ్యిలో వాడితే 8 రూపాయల 50 పైసలు. బ్రికెట్ కిలోకు 3,800, పెల్లెట్ కిలోకు 3,900 కిలోక్యాలరీల లెక్కన, బ్రికెట్ అదే జాలీ పొయ్యిలో 9.60, పెల్లెట్ ఫ్యాన్ పొయ్యిలో 8.80.

కిలో మీద రెండింతల పైచిలుకు ఖరీదైన పెల్లెట్ చివరికి ఎండు కట్టెకు దాదాపు సమానంగా వచ్చింది. ఆ గొప్ప పెల్లెట్‌ది ఎంతో, పొయ్యిది కూడా అంతే. అన్నిటికంటే చవగ్గా కనిపించిన తడి కట్టే అన్నిటికంటే ఖరీదైంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: డబ్బు ముందు పొయ్యి మీద పెట్టండి, తర్వాత ఎండబెట్టే చోటు మీద, ఆ తర్వాతే బ్రికెట్ మీద.

ఎవరికి ఏది

పెరడు, కాస్త షెడ్డు ఉన్నవాళ్లకు ఎండబెట్టిన కట్టెను మించింది లేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొని, అడుగున్నర పొడవుకు కోయించి, మణికట్టు మందానికి చీల్పించాలి. నీరు కట్టె పొడవునా నడిచి చివర్ల నుంచి ఎక్కువగా పోతుంది, బెరడు దాన్ని ఆపుతుంది. అందుకే పొట్టిగా కోయడం, చీల్చడం రెండూ ముఖ్యం. ఇటుకల మీద, నేలకు తగలకుండా, అడ్డదిడ్డంగా గాలి ఆడేలా పేర్చి పైన మాత్రమే రేకు కప్పాలి. పక్కలు కూడా పట్టాతో చుట్టేస్తే లోపలి తడి అక్కడే నిలిచి బూజు పడుతుంది. మా దగ్గర ఎండాకాలంలో రెండు మూడు నెలలకు వాడే స్థితికి వస్తుంది. రెండు ఎండు ముక్కల్ని ఒకదానికొకటి కొడితే ఖంగుమని మోగుతాయి, పచ్చివి దబ్బుమంటాయి.

చోటు లేనివాళ్లకు, టౌన్లో ఇరుకు గదిలో వండేవాళ్లకు బ్రికెట్ నయం. పేర్చిన కట్టె పట్టే చోటులో సగంలోనే అంత వేడి నిల్వ ఉంటుంది. కానీ కొనే ముందు ఏ పొట్టుతో చేశారో అడగండి. రంపపు పొట్టులో బూడిద ఒకటి రెండు శాతం మించదు. వేరుశనగ పొట్టులో అంతకంటే ఎక్కువ, మట్టి కలిస్తే ఇంకా ఎక్కువ. వరి ఊకలో అయితే ఇరవై శాతం దాకా బూడిదే, అంటే టన్నుకు రెండు వందల కిలోలు మళ్లీ ఎత్తిపోయాలి. అడుగున గాజులా కరిగి అతుక్కున్న గడ్డలు కనిపిస్తే బూడిద కరుగుతోందని అర్థం. అవి జాలీ సందులు మూసేస్తాయి. ఒక కిలో కాల్చి బూడిద తూస్తే అమ్మేవాడి మాట ఎంత నిజమో తేలిపోతుంది.

పెల్లెట్ ఎవరికంటే, రోజూ ఒకే మోతాదులో వండేవాళ్లకు, కరెంటు నమ్మకంగా ఉన్నవాళ్లకు, మరీ ముఖ్యంగా సరుకు ఇచ్చేవాళ్లు ఒకరికి ఇద్దరున్నవాళ్లకు. ఈ చివరి మాట ఊరికే అనడం లేదు. బెంగళూరులోని విజ్ఞాన పరిశోధన సంస్థ ఐఐఎస్సీ సాయంతో తయారైన ఊర్జా అనే పెల్లెట్ పొయ్యి 2006లో బజారుకొచ్చి, మన దేశంలో నాలుగు లక్షల దాకా ఇళ్లకు చేరింది. పొయ్యి మంచిదే. తర్వాత పెల్లెట్ల ధర పెరిగి, సరఫరా కష్టమయ్యేసరికి చాలామంది దాన్ని పక్కన పెట్టి పాత పొయ్యికే వెళ్లిపోయారు. ఆ పొయ్యిలో వేసేందుకు చేతికందే కట్టె పనికిరాదు కదా. ఇప్పుడు థర్మల్ విద్యుత్ కేంద్రాలు బొగ్గులో బయోమాస్ పెల్లెట్లు కలపాలని 2021 నుంచి కేంద్ర విధానం ఉంది. అలాంటి పెద్ద కొనుగోలుదారు ఉన్నచోట మన పది బస్తాల ఆర్డరును ఎవరూ ముందు చూడరు.

పెల్లెట్ బస్తా విప్పగానే మూడు పనులు చేయండి. ఒకటి విరిచి చూడండి, టప్పుమని విరగాలి, నలిగిపోకూడదు. గ్లాసు నీళ్లలో వేయండి, గట్టిగా అచ్చయినది మునుగుతుంది, తేలితే వదులుగా ఉన్నట్టు. తర్వాత ఒక కిలో జల్లెడ పట్టండి. పొడి గుప్పెడు దాటి రాలితే ఆ పొడి ఫ్యాన్ గాలిని మూసేసి పొయ్యి పొగలుతుంది. ఆ బస్తా తిరిగి పంపడమే మంచిది.

బ్రికెట్లకూ పెల్లెట్లకూ నీళ్లంటే గండం. తడిసిన కట్టె మళ్లీ ఎండుతుంది, తడిసిన బ్రికెట్ ఉబ్బి పొట్టు అయిపోతుంది, దాన్ని తిరిగి కట్టలేం. మా షెడ్డులో ఒక మూల కారితే రెండు బస్తాలు రాత్రికి రాత్రి గంజి అయ్యాయి. సముద్రపు గాలికి కూడా పైపొర మెత్తబడుతుంది. అందుకని చెక్క పలకల మీద, గోడకు జానెడు దూరంలో, ప్లాస్టిక్ కవరులోనే ఉంచుతాం.

మా మెస్‌లో ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఇది. మార్చిలో సరుగుడు దింపించి ఎండబెడతాం, ఏడాదిలో ఎక్కువ భాగం దాంతోనే వంట. ఈశాన్య రుతుపవనాలు మా మీద పడేది అక్టోబరు, నవంబరుల్లో కాబట్టి సెప్టెంబరు ఆఖరుకే రంపపు పొట్టు బ్రికెట్లు టన్నున్నర తెచ్చి పెట్టుకుంటాం. వానాకాలంలో అడితిలో దొరికేది పచ్చి కట్టే, అప్పుడు దాని దగ్గరికి పోము. పొద్దున ఇడ్లీ పొయ్యికి మాత్రం చిన్న ఫ్యాన్ పొయ్యి, నెలకు ఆరు బస్తాల పెల్లెట్లు. రాత్రి ఒక బుట్టెడు సరుగుడు పుల్లలు పొయ్యి గట్టు మీద పెట్టి వెళ్తుంది అక్క. తెల్లారి వాటితో అంటిస్తే ఊదుగొట్టం తీసే పని ఉండదు.